హీట్ ట్రాన్స్‌ఫర్ ఓపెన్ బుక్ పరీక్షకి బైండర్ తయారుచేసుకోవడం ఎలా?

ప్రశ్న: హీట్ ట్రాన్స్‌ఫర్ సెమిస్టర్ పరీక్ష ఓపెన్ బుక్, మూడు గంటలు, ఆరు ప్రశ్నలు. నా దగ్గర దాదాపు 250 పేజీల క్లాస్ నోట్స్, అసైన్‌మెంట్లు, ప్రింటవుట్లు ఉన్నాయి. ఇంకో సబ్జెక్టులో అన్నీ పట్టుకెళ్లాను, పేజీలు తిప్పడంలోనే టైమ్ అయిపోయింది. ఈసారి ట్యాబ్‌లు, ఇండెక్స్ పెట్టి ఒక బైండర్ చేద్దామనుకుంటున్నా. పరీక్షకి మూడు వారాలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు పరీక్ష నియమాల కాగితం చదవండి. ఓపెన్ బుక్ అంటే అన్నిచోట్లా ఒకటే అర్థం కాదు. కొన్ని పరీక్షల్లో విడి కాగితాలు ఒప్పుకోరు, రింగులకో దారానికో కట్టి ఉండాలంటారు. కొన్నింట్లో స్టిక్కీ నోట్స్ అంటించకూడదు. కొన్నిచోట్ల ఫోటోకాపీలు వద్దు, చేతిరాతే ఉండాలి. సాల్వ్ చేసిన లెక్కలు తెచ్చుకోవచ్చా, ప్రాపర్టీ టేబుల్స్ వాళ్లే ఇస్తారా, పేజీల పరిమితి ఉందా అన్నవి కూడా ముందే తెలియాలి. స్పష్టంగా రాసి లేకపోతే సబ్జెక్టు చెప్పేవారినే అడగండి. బైండర్ అంతా కట్టాక ఇందులో ఒక్క నియమం అడ్డొచ్చినా మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీకు టైమ్ ఎక్కడ పోయిందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఆరు ప్రశ్నలకి 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 30. హీట్ ట్రాన్స్‌ఫర్ లెక్కలో ఒక ఫార్ములా, దాని పరిధి, ఒకట్రెండు ప్రాపర్టీ విలువలు, ఒక్కోసారి ఒక చార్ట్, ఇలా ఐదు సార్లయినా పుస్తకం తెరుస్తాం. మొత్తం 30 వెతుకులాటలు. ఒక్కోదానికి నిమిషం పడితే అరగంట పోయినట్టే, అంటే ఒక పూర్తి ప్రశ్న చేజారినట్టే. అదే 20 సెకన్లకి దించగలిగితే పది నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి బైండర్ బాగుందా లేదా అన్నదానికి నేను చూసే కొలత ఒక్కటే: వెతికినది 20 సెకన్లలో దొరకాలి. అందులో ఎంత విషయం ఉంది, ఎంత అందంగా ఉంది అన్నవి తర్వాత.

అందుకని నోట్స్ మొదటి పేజీ తెరిచి కుదించడం మొదలుపెట్టకండి. అలా చేస్తే క్లాసులో చెప్పిన వరసే బైండర్‌లోకి వస్తుంది. పరీక్షలో ఆ వరస మీకు ఎందుకూ పనికిరాదు. పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు, అవి లేకపోతే అసైన్‌మెంట్లలోని పెద్ద లెక్కలు తీసుకోండి. మీ నోట్స్ ఇప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పక్కన పెట్టుకుని చెయ్యండి. పక్కన ఒక తెల్ల కాగితం ఉంచుకోండి. నోట్స్ తెరిచిన ప్రతిసారీ అందులో మూడు విషయాలు రాయండి: ఏ మాటతో వెతికారు, అది ఎక్కడ దొరికింది, సుమారుగా ఎంతసేపు పట్టింది. దీన్ని వెతుకులాటల చిట్టా అనుకుందాం. మొదటి వారంలో మూడు నాలుగు రోజులు దీనికే ఇవ్వండి. సగం వారం బైండర్ పని ఏమీ జరగలేదని టెన్షన్ పడొద్దు, జరుగుతున్నది బైండర్ పనే.

చిట్టా కాస్త పెరిగాక దాన్ని చదివితే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, మీరు 250 పేజీల్లో అన్నిటికీ వెళ్లడం లేదు, కొన్ని పేజీలకే మళ్లీ మళ్లీ వెళ్తున్నారు. నీటి ప్రాపర్టీలు, గాలి ప్రాపర్టీలు, కన్వెక్షన్ కోరిలేషన్లు, ఫిన్ ఫార్ములాలు, హీట్ ఎక్స్ఛేంజర్ చార్టులు, ఇవే తిరిగి తిరిగి వస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. మీరు వెతికిన మాటకీ, నోట్స్‌లో ఉన్న హెడ్డింగుకీ పొంతన ఉండదు. ప్రశ్నలో “వేడి బంతిని నూనెలో ముంచారు, ఎంతసేపటికి చల్లబడుతుంది” అని ఉంటుంది. మీరు “చల్లబడటం” అని వెతుకుతారు. నోట్స్‌లో మాత్రం అది “ట్రాన్సియెంట్ కండక్షన్, యూనిట్ 2” కింద ఉంటుంది. నిమిషాలు పోయేది సరిగ్గా ఈ తేడా దగ్గరే. ఆ చిట్టాలోని మాటలే రేపు మీ ఇండెక్స్ అవుతాయి. దాన్ని జాగ్రత్తగా దాచండి.

తర్వాత విభాగాలు. యూనిట్ల వారీగా కాకుండా లెక్క రకాన్ని బట్టి విడగొట్టండి. ఈ సబ్జెక్టుకి నేనైతే తొమ్మిది ట్యాబ్‌లు పెడతాను. గోడలూ గొట్టాలూ ఇన్సులేషన్ ఒకటి, ఫిన్‌లు రెండు, కాలంతో మారే ఉష్ణోగ్రత మూడు, ప్లేటు, సిలిండర్ లాంటి వాటి బయటి ప్రవాహం నాలుగు, గొట్టం లోపలి ప్రవాహం ఐదు, నేచురల్ కన్వెక్షన్ ఆరు, హీట్ ఎక్స్ఛేంజర్లు ఏడు, రేడియేషన్ ఎనిమిది, టేబుల్స్, చార్టులు తొమ్మిది. ఇంతకు మించి వద్దు. పదిహేను ఇరవై ట్యాబ్‌లు అయ్యాయంటే ట్యాబ్‌లలోనే వెతకాల్సి వస్తుంది. ఏ విభాగమైనా పన్నెండు పేజీలు దాటితే, ట్యాబ్ పెంచడం కంటే ఆ విభాగం మొదటి పేజీలో లోపల ఏమున్నాయో నాలుగు వరసల్లో రాయడం మంచిది.

కుదింపు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక్కో నోట్స్ పేజీ తీసి ఒకటే ప్రశ్న వేసుకోండి: పరీక్షలో పెన్ను పట్టుకుని ఉన్నప్పుడు ఈ పేజీ నుంచి నేను ఏం ఎత్తుకుంటాను? చాలా పేజీల నుంచి ఎత్తుకునేది రెండు వరసలే ఉంటుంది. ఫిన్ ఈక్వేషన్ డెరివేషన్ నాలుగు పేజీలుంటే, బైండర్‌లోకి రావాల్సినవి పైన పెట్టుకున్న ఊహలు, చివరి ఫలితం, అందులో ప్రతి అక్షరానికీ అర్థం, యూనిట్. మధ్యలోని మెట్లు వదిలేయండి. మీ పరీక్షలో డెరివేషన్లు నేరుగా అడిగే అలవాటుంటే మాత్రం అవి అలాగే ఉంచి, వెనక ఒక విడి విభాగంలో పెట్టండి. ఊహలను ఎప్పుడూ వదలకండి. “చివర ఇన్సులేట్ అయి ఉన్న ఫిన్” అన్న మాటలు పోతే, ఆ ఫార్ములాని చివర కూడా గాలి తగిలే ఫిన్‌కి వాడేస్తారు. జవాబు నీట్‌గానే వస్తుంది, తప్పని ఎక్కడా అనిపించదు.

ఈ పద్ధతిలో 250 పేజీలు సుమారు 60 నుంచి 80 పేజీలకి దిగుతాయి. దానికి మించి ఉంటే మళ్లీ వడకట్టాలి. మిగిలిన అసలు నోట్స్ పారేయక్కర్లేదు. నియమాలు ఒప్పుకుంటే వేరే ఫైలులో పెట్టి కుర్చీ కింద ఉంచుకోండి. బైండర్‌లో మాత్రం కలపకండి.

ఇక క్విక్ రిఫరెన్స్ పేజీలు. చాలామంది వీటిని ఫార్ములాల జాబితాగా చేస్తారు. అది సరిపోదు, ఎందుకంటే పరీక్షలో ఇబ్బంది ఫార్ములా దొరక్కపోవడం కాదు, దొరికిన ఐదు ఫార్ములాల్లో ఏది వాడాలో తేలకపోవడం. అందుకే ఆ పేజీ నిర్ణయం తీసుకునే క్రమంలో ఉండాలి. గొట్టం లోపలి ప్రవాహానికి ఆ పేజీ ఎలా ఉండాలో పూర్తిగా చెప్తాను, మిగతావి అదే తీరున మీరు చేసుకోవచ్చు.

పేజీ మొదటి వరసలో రేనాల్డ్స్ నంబర్ ఉండాలి, అదీ ప్రశ్నలో ఇచ్చే రూపంలో. గొట్టం లెక్కల్లో వేగం కంటే సెకనుకి ఎన్ని కిలోల ప్రవాహమన్నదే ఎక్కువసార్లు ఇస్తారు. కాబట్టి Re = 4ṁ/(πDμ) అని రాసుకుంటే వేగం కట్టే ఒక మెట్టు తగ్గుతుంది. దాని పక్కనే, గొట్టం గుండ్రంగా లేకపోతే D బదులు 4A/P వాడాలనీ, కానీ అప్పుడు పై రూపం పనిచేయదు, వేగం కట్టి ρVD/μ వాడాలనీ ఒక వరస రాయండి.

రెండో మెట్టు, Re ఎంతో చూసి దారి ఎంచుకోవడం. 2300 కంటే తక్కువైతే లామినార్. ప్రవాహం పూర్తిగా ఏర్పడి ఉంటే గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు Nu = 3.66, గోడ నుంచి వచ్చే వేడి స్థిరంగా ఉన్నప్పుడు Nu = 4.36. 10,000 దాటితే డిట్టస్-బోల్టర్: Nu = 0.023 Re^0.8 Pr^n. ద్రవం వేడెక్కుతుంటే n = 0.4, చల్లబడుతుంటే 0.3. దీని పరిధి Pr 0.6 నుంచి 160 వరకు, గొట్టం పొడవు వ్యాసానికి కనీసం పది రెట్లు ఉండాలి. 2300కీ 10,000కీ మధ్య పడితే డిట్టస్-బోల్టర్ వాడకూడదు. Re 3000 దాటాక గ్నీలిన్‌స్కీ కోరిలేషన్ పనికొస్తుంది. అది పొడుగాటి ఫార్ములా కాబట్టి ఈ పేజీలో రాయకుండా “5-06 చూడు” అని, అంటే ఐదో ట్యాబ్‌లో ఆరో పేజీ చూడమని పెట్టండి.

మూడో మెట్టు అందరూ మరిచిపోయేది: ప్రాపర్టీలు ఏ ఉష్ణోగ్రత దగ్గర తీసుకోవాలి. ఇది ఫార్ములా పక్కనే, అదే వరసలో ఉండాలి, పేజీ అడుగున ఫుట్‌నోట్‌లో కాదు. గొట్టం లోపలైతే లోపలికి వచ్చే, బయటికి పోయే ఉష్ణోగ్రతల సగటు దగ్గర. ప్లేటు మీద ప్రవాహమైతే ఫిల్మ్ టెంపరేచర్ దగ్గర, అంటే గోడ ఉష్ణోగ్రతకీ దూరంగా ఉన్న ద్రవం ఉష్ణోగ్రతకీ సగటు.

ఈ ఒక్క వరస ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చేసి చూద్దాం. 25 మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకి 0.2 కిలోల నీరు 20 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చి 60 డిగ్రీల దగ్గర బయటికి పోతోంది. h కావాలి. సగటు 40 డిగ్రీలు. అక్కడ నీటికి μ = 0.000653 Pa·s, k = 0.631 W/m·K, Pr = 4.32. Re సుమారు 15,600 వస్తుంది, కాబట్టి డిట్టస్-బోల్టర్. నీరు వేడెక్కుతోంది, n = 0.4. Nu సుమారు 93, h = Nu·k/D అంటే సుమారు 2360 W/m²·K. అదే తొందరలో లోపలికి వచ్చే నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ప్రాపర్టీలు తీసుకున్నారనుకోండి. μ = 0.001002, k = 0.598, Pr = 7.01 అవుతాయి. Re సుమారు 10,170, Nu సుమారు 80.5, h సుమారు 1925. అసలు జవాబు కంటే దాదాపు 18 శాతం తక్కువ. చూడండి, ఫార్ములా సరైనదే, అంకెలు టేబుల్ నుంచి సరిగ్గానే తీశారు, Re కూడా 10,000 పైనే ఉంది. లెక్కలో ఎక్కడా ఎర్ర జెండా కనపడదు. ఇలాంటి తప్పుని పట్టుకోగలిగేది పేజీ మీద ముందే రాసుకున్న ఆ వరస మాత్రమే.

కాబట్టి ప్రతి కోరిలేషన్ పక్కనా నాలుగు విషయాలు తప్పకుండా ఉండాలి: పరిధి, ప్రాపర్టీల ఉష్ణోగ్రత, రేనాల్డ్స్ నంబర్లో వాడాల్సిన పొడవు, వచ్చే h ఒక చోటిదా లేక మొత్తం మీద సగటా అన్నది. చివరిది ప్లేటు లెక్కల్లో బాగా దెబ్బతీస్తుంది. లామినార్ ప్లేటుకి ఒక బిందువు దగ్గర Nu = 0.332 Re^0.5 Pr^(1/3), మొత్తం ప్లేటు సగటుకి 0.664. సరిగ్గా రెండింతలు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన, ఏది ఏదో రాసి ఉండాలి.

ఇదే ధోరణిలో ఒక పేజీని “కలగాపులగమయ్యే జంటలు” అని పెట్టుకోండి. ఈ సబ్జెక్టులో మొదటి జంట బయో నంబర్, నసెల్ట్ నంబర్. రెండూ చూడటానికి hL/k లాగే ఉంటాయి. బయో నంబర్లో k ఘనపదార్థానిది, నసెల్ట్‌లో k ద్రవానిది. బయో నంబర్లో పొడవు ఘనపరిమాణాన్ని ఉపరితలంతో భాగించినది. అంటే బంతికి వ్యాసార్థంలో మూడో వంతు. Bi 0.1 కంటే తక్కువుంటే వస్తువంతా ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉందనుకునే లంప్డ్ పద్ధతి చాలు, ఎక్కువుంటే చార్టుల విభాగానికి వెళ్లాలి. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అదే బంతికి హైస్లర్ చార్ట్ వాడేటప్పుడు బయో నంబర్లో పొడవు పూర్తి వ్యాసార్థం. రెండు చోట్లా ఒకే పేరు, పొడవులు వేరు. ఇది లంప్డ్ పద్ధతి వరస పక్కనా, చార్టు మీదా, రెండు చోట్లా రాయండి. బైండర్‌లో ఒకే విషయం రెండుసార్లు రాయడం వృథా అనుకోకండి. చెయ్యి ఏ పేజీ మీద ఉంటుందో ఆ పేజీలోనే హెచ్చరిక ఉండాలి.

క్విక్ రిఫరెన్స్ పేజీలన్నీ కలిపి ఆరుకి మించకుండా చూడండి. ఇవి బైండర్ ముందు భాగంలో, ఇండెక్స్ కంటే ముందు ఉండాలి. అక్షరం చిన్నది చేసి రెండు పేజీల విషయం ఒకదాంట్లో ఇరికిస్తే లాభం లేదు. పరీక్ష హాల్లో కంగారు మీద ఉన్న కంటికి చిన్న అక్షరం, ఖాళీ లేని పేజీ రెండూ కష్టమే. చేయి చాచిన దూరం నుంచి చదవగలిగితే సైజు సరిగ్గా ఉన్నట్టు.

ప్రతి విభాగంలోనూ పూర్తిగా చేసిన లెక్క రకానికి ఒకటి ఉంచండి, అంతకంటే వద్దు. ఒకే రకం లెక్కలు ఐదు పెడితే ఏదో ఒకటి ప్రశ్నలా కనిపించి, దాన్నే దించేయాలనిపిస్తుంది. అందులో ఒక ఊహ తేడాగా ఉంటుంది, గమనించరు. పెట్టిన ఆ ఒక్క లెక్క పక్కన మార్జిన్‌లో వేరే రంగు పెన్నుతో “ఏం మారితే ఏం చేయాలి” అని రాయండి. పైన చేసిన గొట్టం లెక్క పక్కనైతే మూడు వరసలు చాలు: నూనె అయితే Pr పరిధి చూడు; చల్లబడుతుంటే n = 0.3; బయటికి పోయే ఉష్ణోగ్రత ఇవ్వకపోతే ముందు ఒకటి ఊహించి, లెక్క చేసి, మళ్లీ సరిచూడు. ఈ మూడు వరసలతో ఆ ఒక్క లెక్కే నాలుగు లెక్కల పని చేస్తుంది.

పేజీ నంబర్ల దగ్గర ఒక సలహా. ఒకటి నుంచి ఎనభై దాకా వరసగా వేయకండి. విభాగం నంబరు, అందులో పేజీ నంబరు వేయండి: 5-03 అంటే ఐదో ట్యాబ్‌లో మూడో పేజీ. చివరి వారంలో తప్పకుండా ఎక్కడో ఒక పేజీ కలుపుతారు. వరస నంబర్లయితే ఆ తర్వాతి ఇండెక్స్ అంతా తప్పిపోతుంది. ఈ పద్ధతిలో ఐదో విభాగం చివర 5-09 చేరుతుంది, మిగతావి కదలవు. పైగా ఇండెక్స్‌లో 5-03 చూడగానే ఏ ట్యాబ్ పట్టుకోవాలో చేతికి తెలిసిపోతుంది. నంబర్ పేజీ బయటి మూలలో, పెద్దగా రాయండి.

ఇండెక్స్ ఎప్పుడూ చివర్లో చేయాలి, కానీ హడావిడిగా కాదు. దీనికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిలువు వరసలు చాలు, ఒకదాంట్లో మాట, రెండోదాంట్లో పేజీ. ముందు వెతుకులాటల చిట్టాలోని మాటలన్నీ ఎక్కించండి. తర్వాత బైండర్ ఒక్కో పేజీ తిప్పుతూ అందులోని ముఖ్యమైన మాటలు చేర్చండి. చివరికి అక్షరక్రమంలో సార్ట్ చేసి ప్రింట్ తీయండి. ప్రశ్నపత్రం ఏ భాషలో వస్తుందో ఇండెక్స్ ఆ భాషలోనే ఉండాలి, ఎందుకంటే మీరు వెతికేది ప్రశ్నలో కనపడిన మాటతోనే. ఈ సైజు బైండర్‌కి 120 నుంచి 150 మాటలు, మూడు పేజీలు సరిపోతాయి.

ఒకే విషయాన్ని ఎన్ని పేర్లతో వెతికే అవకాశం ఉందో అన్ని పేర్లతోనూ ఎక్కించండి, ప్రతిచోటా పేజీ నంబరే ఇవ్వండి. “లంప్డ్ సిస్టమ్: ‘ట్రాన్సియెంట్’ చూడు” అని రాస్తే ఇండెక్స్‌లోనే రెండుసార్లు వెతకాలి. మచ్చుకి కొన్ని వరసలు:

క్వెంచింగ్: 3-02
చల్లబడే సమయం: 3-02, చార్ట్ 9-11
థర్మోకపుల్ ఎంత త్వరగా స్పందిస్తుంది: 3-03
నీరు, ప్రాపర్టీలు: 9-01
బంతి, లంప్డ్ పద్ధతి: 3-02
బంతి, చార్ట్ పద్ధతి: 3-05, చార్ట్ 9-11
బంతి, బయటి ప్రవాహం: 4-05

థర్మోకపుల్ అన్న మాట ఏ యూనిట్ హెడ్డింగులోనూ ఉండదు. కానీ థర్మోకపుల్ స్పందించే సమయం అడిగే లెక్క లంప్డ్ పద్ధతిలో తరచూ వచ్చేదే. ప్రశ్నల్లో వచ్చే వస్తువుల పేర్లు ఇలా ఇండెక్స్‌లో ఉండటం వల్ల కలిగే లాభం మాటల్లో చెప్పలేను. బంతి అనే ఒక్క మాట కింద మూడు వరసలు ఉండటం కూడా కావాలనే. ఏ బంతి లెక్కో తేల్చుకోమని అది మిమ్మల్ని అడుగుతుంది.

ట్యాబ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. విభాగాల ట్యాబ్‌లు కుడి అంచున మెట్లుగా దిగాలి, ఒకదాని వెనక ఒకటి దాక్కోకూడదు. నంబరుతో పాటు ఒక మాట కూడా ఉండాలి, రెండు వైపులా రాసి ఉండాలి. మాటిమాటికీ తెరిచే నాలుగైదు టేబుల్స్‌కి మాత్రం పై అంచున వేరే రంగు ట్యాబ్‌లు పెట్టండి. అప్పుడు ఎడమ చెయ్యి టేబుల్ దగ్గర, కుడి చెయ్యి లెక్క దగ్గర ఉంచి రెండూ మార్చి మార్చి చూడొచ్చు. కాగితం స్టిక్కీ నోట్స్ బ్యాగులో నలిగి ఊడిపోతాయి, గట్టి ప్లాస్టిక్ ట్యాబ్‌లు గానీ అట్టతో ఉన్న డివైడర్లు గానీ వాడండి. రింగుల బైండర్ అయితే D ఆకారం రింగులున్నది తీసుకుంటే పేజీలు సమంగా పరుచుకుంటాయి. ఎక్కువ తిప్పే పేజీల రంధ్రాల చుట్టూ బలానికి చిన్న స్టిక్కర్లు అంటించండి. ప్రతి పేజీకీ ప్లాస్టిక్ కవర్ తొడగొద్దు. లైటు పడి మెరుస్తుంది, బైండర్ రెండింతలు లావవుతుంది, మీద రాయడానికి కుదరదు. హైలైటర్ రంగులు రెండు చాలు: ఒకటి పరిధులకి, ఒకటి హెచ్చరికలకి.

పరీక్షకి వారం ముందు బైండర్‌ని పరీక్షించాలి. ఇంతవరకు ముట్టుకోని ఒక పాత ప్రశ్నపత్రం దాచి ఉంచుకోండి. గడియారం పెట్టుకుని, బైండర్ ఒక్కటే దగ్గరుంచుకుని మూడు గంటలు కూర్చోండి. తెరిచిన ప్రతి పేజీ మూలన పెన్సిల్‌తో ఒక టిక్ పెట్టండి. ఎక్కడైనా తడబడితే ఆ మాటని పక్కన రాసుకుని ముందుకు సాగండి, మధ్యలో ఆగి సరిచేయకండి.

తర్వాత ఆ గుర్తులు చదవండి. ఒక మాట కోసం ఇండెక్స్ తెరిచి, అక్కడ లేక ట్యాబ్‌ల మీద పడి వెతికారంటే ఇండెక్స్‌లో ఆ మాట చేర్చాలి. ఇండెక్స్ సరైన పేజీకే పంపినా, ఆ పేజీలో కావలసినది కంటికి ఆనలేదంటే పేజీ కిక్కిరిసి ఉంది, రెండు పేజీలు చేయాలి. ఒక పేజీ నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మూడోదానికి వెళ్లాల్సి వచ్చిందంటే మధ్యలోది తీసేసి విషయం మొదటి పేజీలోనే రాయాలి. ఒకదానికి మించి “చూడు”లు ఎప్పుడూ ఉండకూడదు. టిక్ అసలు పడని పేజీలు ఉంటాయి. ఒక్క పేపరుతోనే వాటిని తీసేయకండి. రెండో మాక్‌లో కూడా పడకపోతే ఆ విభాగం చివరికి జరపండి. చివరి రెండు రోజులు మాత్రం బైండర్ వరస మార్చకండి, కొత్త పేజీలు కలపకండి. ఏది ఎక్కడుందో అప్పటికి చేతులకి అలవాటయి ఉంటుంది, దాన్ని చెడగొట్టుకోవద్దు.

బైండర్ చేయలేని పని కూడా ఒకటి ఉంది. ప్రశ్న చదవగానే ఇది ఏ రకం లెక్కో గుర్తుపట్టడం మీరే చేయాలి. గోడ ఉష్ణోగ్రత స్థిరమా, వేడి స్థిరమా, ప్రవాహం లోపలా బయటా, కాలంతో మారుతోందా లేదా అన్నవి ప్రశ్న మాటల్లోంచి తీయాలి. ఇది పేజీ తిప్పితే దొరకదు. కాబట్టి రెండో వారం నుంచి రోజుకి పది ప్రశ్నలు తీసుకుని, సాల్వ్ చేయకుండా, చదివి పక్కన ట్యాబ్ నంబరు మాత్రమే రాసే సాధన చేయండి. అరగంట కూడా పట్టదు. నంబరు తప్పిన ప్రశ్నల్లో ఏ మాట మిమ్మల్ని పక్కదారి పట్టించిందో చూసుకోండి, దాన్ని జంటల పేజీలో చేర్చండి.

పరీక్ష రోజు కూడా పని అలాగే మొదలుపెట్టండి. పేపర్ చేతికి రాగానే ఆరు ప్రశ్నలూ చదివి, ఒక్కోదాని పక్కన ట్యాబ్ నంబరు, అవసరమయ్యే టేబుల్ నంబరు పెన్సిల్‌తో వేయండి. ఐదు నిమిషాలు పడుతుంది. రెండు ప్రశ్నలకి ఒకే టేబుల్ కావాలంటే వాటిని వెంటవెంటనే చేయండి. ఏ ప్రశ్న పక్కనైనా నంబరు వేయలేకపోతే దాన్ని చివరికి ఉంచండి.